అందరూ బాగుందనే అంటున్నారు, మళ్లీ కొనరేం?

చిన్న వ్యాపారం నడిపేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అనుకుంటారు. ఫోన్ చేసి అడిగితే కస్టమరు "బాగుందండీ" అంటాడు. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పెడతాడు. ఆ తర్వాత అయిపు ఉండదు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా, నచ్చితే మళ్లీ కొనొచ్చుగా అని యజమాని తల పట్టుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఆ ఆఫీసులోకి రెండు నెలల ఇంటర్న్‌షిప్ కోసం ఒక డిగ్రీ విద్యార్థి వస్తే, ఆ పని వాళ్ల నెత్తిన పడుతుంది. "ఒక సర్వే పెట్టి కస్టమర్లు ఏమనుకుంటున్నారో కనుక్కో."

పని తేలికే అనిపిస్తుంది. గూగుల్ ఫారమ్‌లో పది ప్రశ్నలు రాసి, లింకు పంపి, వచ్చిన జవాబులకు రంగురంగుల గుండ్రటి బొమ్మలు గీసి ఇస్తే సరిపోతుందనుకుంటాం. అలా చేసిన సర్వే యజమానికి ముందే తెలిసిన సంగతి మళ్లీ చెబుతుంది, లేదా తప్పు సంగతిని అంకెల వేషంలో చెబుతుంది. ఎక్కడ దారి తప్పుతుందో చూడాలంటే ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా నడిపించడమే మేలు.

విజయవాడలో ఒక పచ్చళ్ల సంస్థ ఉందనుకుందాం. భార్యాభర్తలు, నలుగురు పనివాళ్లు. ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తాయి, ఎక్సెల్ షీటులో ఎక్కుతాయి. ఊళ్లో అయితే బండి మీద ఇచ్చి వస్తారు, బయటి ఊళ్లకైతే కొరియర్. గడిచిన ఏడాదిలో 600 మంది కొన్నారు. అందులో 400 మంది ఒక్కసారే కొన్నారు, 200 మంది మళ్లీ మళ్లీ కొన్నారు. ఇక్కడి అంకెలన్నీ లెక్క సాఫీగా నడవడం కోసం నేను వేసుకున్నవి. లెక్క నడిచే తీరు మాత్రం ఏ చిన్న సంస్థలోనైనా ఇదే.

ఏం మార్చగలరు?

మన ఇంటర్న్ బీబీఏ రెండో ఏడాది చదివే అమ్మాయి. ఫారమ్ తెరిచే ముందు ఆమె యజమానురాలిని ఒక ప్రశ్న అడిగింది. "మేడమ్, జవాబులు వచ్చాక మీరు ఏం మార్చగలరు?" రుచి మారదు, అది ఆవిడ అమ్మగారి చేతి కొలత. ధర కూడా ఈ ఏడాదికి మారదు, నువ్వుల నూనె రేటు చూశాక ఆ మాటే ఎత్తొద్దన్నారు. మార్చగలిగినవి మూడే తేలాయి. డబ్బా ప్యాకింగ్, కొరియర్ కంపెనీ, డబ్బా సైజు. ఇప్పటిదాకా అమ్మేది ఒక్క కిలో డబ్బాయే.

ఈ సంభాషణ పది నిమిషాలు పట్టి ఉంటుంది. దీంతోనే సర్వే సగం తయారయింది. జవాబు ఏదొచ్చినా యజమాని చేసే పని మారకపోతే ఆ ప్రశ్నకు ఫారమ్‌లో చోటు లేదు. వయసు, వృత్తి, నెల ఆదాయం అన్న మూడు గళ్లు అలవాటుగా ప్రతి ఫారమ్‌లోనూ వచ్చి కూర్చుంటాయి. పచ్చడి కొన్నందుకు ఆదాయం ఎంతో చెప్పమంటే, నింపేవాడు అక్కడే ఫోను పక్కన పెట్టేస్తాడు. ఆదాయం తెలిసి ఈ యజమానురాలు చేయగలిగిందీ ఏమీ లేదు. ఆ గళ్లన్నీ తీసేశాక ఫారమ్‌లో ఆరు ప్రశ్నలు మిగిలాయి.

ఎవరిని అడగాలి

యజమాని సలహా సూటిగా ఉంది. "మన వాట్సాప్ స్టేటస్‌లో లింకు పెట్టు, ఒక్క పూటలో వంద వస్తాయి." వస్తాయి, నిజమే. కానీ ఆ స్టేటస్ చూసేదెవరు? నంబరు సేవ్ చేసుకున్నవాళ్లు, అంటే మళ్లీ మళ్లీ కొనేవాళ్లు, చుట్టాలు, పాత స్నేహితులు. ఒక్కసారి కొని వెళ్లిపోయినవాడి ఫోనులో ఈ నంబరే ఉండదు. ఎవరి గురించి తెలుసుకోవాలనుకున్నామో వాళ్లకు తప్ప మిగతా అందరికీ ప్రశ్న చేరుతుంది.

ఈ తప్పు చాలా పెద్ద ఎత్తున జరిగిన సందర్భం ఒకటుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి పోస్టులో నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. తీరా చూస్తే ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక వాడిన చిరునామాల్లో చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కారు రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి తీసుకున్నవి. మహామాంద్యం నడుస్తున్న రోజుల్లో ఫోనూ కారూ ఉన్న ఇళ్లు దేశమంతటికీ ప్రతినిధులు కావు. పైగా అందినవాళ్లలోనూ పని కట్టుకుని నింపి పోస్టు చేసినవాళ్లు వేరే రకం మనుషులని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ మందిని అడిగిన జార్జ్ గాలప్ రూజ్‌వెల్టే గెలుస్తాడని ముందే చెప్పాడు. రెండేళ్లకు, 1938లో, ఆ పత్రిక మూతపడింది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. గిన్నెలో మెతుకులన్నీ ఒకే మంట మీద, ఒకే నీళ్లలో ఉడికాయి కాబట్టి ఆ మాట చెల్లుతుంది. కస్టమర్లు అలా కాదు. అందుకని ఏ మెతుకు చేతికి రావాలో మన చెయ్యి నిర్ణయించకుండా చూసుకోవాలి.

ఇంటర్న్ ఆర్డర్ల షీటును రెండుగా విడగొట్టింది. ఒకసారి కొన్నవాళ్లు 400, మళ్లీ కొన్నవాళ్లు 200. గత మూడు వారాల్లో డబ్బా అందినవాళ్లను ముందు చెప్పిన 600లోనే కలపలేదు, వాళ్లింకా మూత తీసి ఉండకపోవచ్చు. ప్రతి పేరు పక్కన ఒక ఖాళీ గడిలో `=RAND()` అని కొట్టింది. ప్రతి వరుసకూ సున్నాకూ ఒకటికీ మధ్య ఏదో ఒక అంకె పడుతుంది. షీటులో ఏ చిన్న మార్పు చేసినా ఈ అంకెలు మారిపోతాయి కాబట్టి వాటిని కాపీ చేసి అక్కడే విలువలుగా అతికించి, ఆ వరుసలో అమర్చి, ఒక్కో జాబితాలో పైనున్న వందమందిని తీసుకుంది. యజమానికి తెలిసిన మంచి కస్టమరు, పేచీ పెట్టిన కస్టమరు అన్న తేడా ఆ అంకెలకు తెలియదు.

తర్వాత ఒక్కొక్కరికీ విడివిడిగా సందేశం. గ్రూపులో పెట్టలేదు. ఫారమ్ లింకులో ఒక కోడ్ నంబరు ముందే నింపి ఉంటుంది. ఆ కోడ్ ఎవరిదో తెలిపే జాబితా ఇంటర్న్ దగ్గరే ఉంది. జవాబు ఇవ్వనివాళ్లకు మాత్రమే నాలుగు రోజుల తర్వాత మళ్లీ గుర్తు చేయాలంటే అది కావాలి. కాబట్టి సందేశంలో "మీరెవరో మాకు తెలియదు" అని రాయకూడదు, అది అబద్ధమవుతుంది. "మీ పేరు, నంబరు సంస్థవాళ్లకు చూపించం, లెక్క పూర్తయ్యాక కోడ్ జాబితా తుడిచేస్తాం" అని రాసింది, అలాగే చేసింది. కస్టమరు నంబరు ఇచ్చింది పార్శిల్ అందడానికి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాట అలా ఉంచినా, ఈపాటి మర్యాద పాటించకపోతే వచ్చే ఏడాది ఎవరూ జవాబివ్వరు.

ప్రశ్న రాయడం

యజమాని ఇచ్చిన మొదటి ప్రశ్న ఇది: "మా సంప్రదాయ రుచుల ఆవకాయ, ప్యాకింగ్ మీకు ఎంత బాగా నచ్చాయి?" ఈ ఒక్క వాక్యంలో మూడు చిక్కులున్నాయి. నచ్చాయని ముందే తేల్చేసి, ఎంతో చెప్పమంటోంది. రుచి బాగుండి డబ్బా కారినవాడు ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియదు. అతను నాలుగు వేస్తే ఆ నాలుగు రుచికి వచ్చిందా ప్యాకింగ్‌కి వచ్చిందా అన్నది మనకు ఎన్నటికీ తెలియదు. "సంప్రదాయ రుచుల" అన్న మాటైతే ప్రకటనలోది, దానికి ఫారమ్‌లో పనిలేదు.

వాక్యం తీరు మారితే జవాబు ఎంత మారుతుందో చూపే పాత ప్రయోగం ఒకటి డొనాల్డ్ రగ్ 1941లో ప్రచురించాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ఉపన్యాసాలను "అనుమతించాలా" అని కొందరు అమెరికన్లను, "నిషేధించాలా" అని మరికొందరిని అడిగారు. అభిప్రాయం చెప్పినవాళ్లలో దాదాపు 75 శాతం అనుమతించకూడదన్నారు. నిషేధించాలన్నవాళ్లు 54 శాతమే. రెండింటి ఫలితమూ ఒకటే అయినా నిషేధం అనేసరికి మనిషి వెనకాడతాడు. "మా ధర ఎక్కువగా ఉందా?" అన్నా మాట తీరే జవాబును తేల్చేస్తుంది. అవుననడానికి కస్టమరుకు ఖర్చేమీ లేదు, తగ్గితే లాభం కూడా. ఆ ప్రశ్నను ఇంటర్న్ కొట్టేసింది.

ఇంతకంటే లోతైన చిక్కు "మళ్లీ కొంటారా?" అన్న ప్రశ్నలో ఉంది. రేపటి గురించి అడిగితే మనిషి మర్యాద కోసం జవాబిస్తాడు. ఇంటికొచ్చినవాళ్లకు "తప్పకుండా వస్తాం" అని చెప్పడం మనకు కొత్తేమీ కాదు. జరిగినదాన్ని అడిగితే మర్యాదకు అంత చోటుండదు. అందుకని ఆమె దాన్ని ఇలా తిప్పి రాసింది: "మా దగ్గర తీసుకున్న డబ్బా ఇప్పుడు ఏ స్థితిలో ఉంది?" కింద నాలుగు జవాబులు. ఇంకా ఉంది, అయిపోయింది, వేరేవాళ్లకు ఇచ్చాం లేదా పంపాం, పారేశాం. దాని వెనకే రెండో ప్రశ్న, అయిపోయిందన్నవాళ్లకు మాత్రమే కనిపించేది: "ఆ తర్వాత ఇంట్లోకి పచ్చడి ఎక్కడి నుంచి వచ్చింది?" ఇంట్లో పెట్టుకున్నాం, బంధువులు ఇచ్చారు, దుకాణంలో కొన్నాం, ఆన్‌లైన్‌లో వేరేచోట కొన్నాం, తర్వాత పచ్చడి తేలేదు.

మిగిలిన ప్రశ్నల్లో మూడు, ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేసేవి. రుచికి ఒకటి, ప్యాకింగ్‌కి ఒకటి, మొత్తం మీద ఒకటి. రుచి మారదు గానీ, విడిగా అడగకపోతే ఆ అభిప్రాయం ప్యాకింగ్ అంకెలో కలిసిపోతుంది. ఈ తరహా మెట్ల కొలతకు 1932లో పద్ధతి వేసిన రెన్సిస్ లైకర్ట్ పేరే ఉంది. అంకెలు ఒట్టిగా వదిలేస్తే ఒకటి అంటే ఫస్టు ర్యాంకని అనుకునేవాళ్లుంటారు, కాబట్టి ప్రతి అంకె కింద మాట ఉండాలి. "అస్సలు బాగోలేదు" నుంచి "చాలా బాగుంది" దాకా. మధ్యలో "పర్లేదు" అని పెడితే ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో తీసుకుంటారు. "బాగుందనీ లేదు, బాగోలేదనీ లేదు" అన్నది పొడుగైనా నయం. చివరి ప్రశ్నకు జవాబు తమ మాటల్లో రాయాలి: "ఒక్క సంగతి మారిస్తే బాగుండుననిపించిందా? ఏది?"

ఫారమ్ అందరికీ పంపే ముందు అయిదుగురికి చూపించింది. పక్కన కూర్చుని, వాళ్లు నింపుతుంటే నోరు మూసుకుని చూడటమే ఈ పరీక్ష. మూడో ఆవిడ రుచి ప్రశ్న దగ్గర ఆగిపోయింది. "నేను తినలేదమ్మా, మా అబ్బాయి డాలస్ వెళ్తుంటే సూట్‌కేసులో పెట్టించాను. రుచి ఎంతని వేయను?" చివరకు ఎందుకొచ్చిందిలే అని అయిదు వేసేసింది. పక్కన కూర్చుని చూడకపోతే ఆ అయిదు కూడా మెచ్చుకోలుగానే లెక్కలో చేరేది. ఆ రోజే రుచి ప్రశ్నకు "నేను తినలేదు" అన్న ఆరో గడి వచ్చింది.

సగటు దాచేది

పంపిన రెండొందల మందిలో, ఒకసారి గుర్తు చేశాక, 96 మంది జవాబిచ్చారు. మళ్లీ కొన్నవాళ్లు 60, ఒకసారి కొన్నవాళ్లు 36. మొత్తం మీద నాలుగో అయిదో వేసినవాళ్లను సంతృప్తి పడ్డవాళ్లుగా లెక్కేస్తే మొదటి గుంపులో 54 మంది, రెండో గుంపులో 18 మంది. కలిపితే 96లో 72, అంటే 75 శాతం. ఈ 75ను రిపోర్టు పైన పెద్ద అక్షరాల్లో వేయాలని ఎవరికైనా చెయ్యి లాగుతుంది.

కానీ అసలు కస్టమర్లలో ఒకసారి కొన్నవాళ్లు మూడింట రెండు వంతులు. జవాబుల్లో వాళ్లు మూడో వంతు కాస్త దాటారంతే. కాబట్టి ఏ గుంపుకు ఉండాల్సిన బరువు ఆ గుంపుకు తిరిగి ఇవ్వాలి. ఒకసారి కొన్న 400 మందిలో సగం, అంటే 200. మళ్లీ కొన్న 200 మందిలో 90 శాతం, అంటే 180. మొత్తం 600 మందిలో 380, సుమారు 63 శాతం. ఒక్క జవాబూ మార్చకుండానే 75 కాస్తా 63 అయింది. సర్వేలు చేసేవాళ్లు దీన్ని వెయిటింగ్ అంటారు. కాగితం మీద నాలుగు వరుసల లెక్క, కానీ చేయనివాళ్లే ఎక్కువ.

ఇంకో సంగతి. "36 మందిలో సగం" అన్నప్పుడు ఆ సగం ఎంత గట్టిది? ఎంతమందిని అడిగామో దాని వర్గమూలంతో ఒకటిని భాగిస్తే అటూ ఇటూ ఊగే వెసులుబాటు స్థూలంగా తెలుస్తుంది. 36కి వర్గమూలం ఆరు, ఆరో వంతు అంటే 17 శాతం. కాబట్టి ఆ గుంపు మొత్తంలో సంతృప్తి పడ్డవాళ్లు మూడో వంతే కావచ్చు, మూడింట రెండు వంతులూ కావచ్చు. ఈ ఊగిసలాటను నాలుగో వంతుకు తగ్గించాలంటే పదహారు రెట్ల మంది కావాలి, ఆ గుంపులో అంతమంది లేనేలేరు. అందుకే చిన్న గుంపులకు శాతాలు వద్దు, "36 మందిలో 18 మంది" అని రాస్తే చదివేవాడికి ఆ చిన్నతనం కళ్లముందే ఉంటుంది. "మా గురించి స్నేహితులకు చెబుతారా" అని సున్నా నుంచి పది దాకా అడిగి ఒకే ఒక్క స్కోరు తీసే పద్ధతి 2003 నుంచి పెద్ద కంపెనీల్లో బాగా వాడుకలో ఉంది. తొమ్మిదీ పదీ వేసినవాళ్ల శాతంలోంచి ఆరు, అంతకు తక్కువ వేసినవాళ్ల శాతాన్ని తీసేస్తారు. 36 మందిలో ముగ్గురు ఎనిమిదికి బదులు తొమ్మిది వేసినా ఆ స్కోరు ఎనిమిది పాయింట్లు ఎగురుతుంది. ఈ సైజు సంస్థకు అది కొలత కాదు, కాలక్షేపం.

ఇప్పుడు ప్యాకింగ్ చూద్దాం. ఒకసారి కొన్న 36 మంది వేసిన అంకెల సగటు 3.6. పర్లేదనిపిస్తుంది. విడగొట్టి చూస్తే అయిదు వేసినవాళ్లు 20 మంది, నాలుగు ఇద్దరు, మూడు ఇద్దరు, రెండు నలుగురు, ఒకటి ఎనిమిది మంది. మధ్యలో మూడు వేసినవాళ్లు ఇద్దరే! మిగతావాళ్లంతా అయితే ఈ ఒడ్డున, లేకపోతే ఆ ఒడ్డున ఉన్నారు. సగటు నది మధ్యలో, ఎవరూ లేనిచోట నిలబడింది. అంకెలు ఇలా రెండు కొసల్లో పోగుపడితే లోపల రెండు వేరు వేరు అనుభవాలున్నాయని అనుమానించాలి. తక్కువ వేసినవాళ్లను షీటులో ఇలా లెక్కపెట్టొచ్చు:

```
=COUNTIFS(B2:B97,"ఒకసారి",E2:E97,"<=2")
```

బి నిలువు వరుసలో గుంపు, ఇ నిలువు వరుసలో ప్యాకింగ్ అంకె. జవాబు 12. ఆ 12 మందిని కోడ్ జాబితా సాయంతో డెలివరీ ఊరితో కలిపి చూస్తే 10 మంది బెంగళూరు, పుణె, చెన్నై లాంటి చోట్ల కొరియర్‌లో అందుకున్నవాళ్లు. అయిదు వేసిన 20 మందిలో 17 మంది విజయవాడ వాళ్లు, డబ్బా బండి మీద నిలువుగా వచ్చింది. సంస్థ అమ్మేది ఒకే డబ్బా అయినా బయటి ఊళ్లో అందేది వేరే వస్తువన్నమాట.

ఇక్కడే తొందరపడితే తప్పు. నూనె కారింది కాబట్టి మళ్లీ కొనలేదని రాసేయడానికి వీల్లేదు. మళ్లీ కొన్న 60 మందిలోనూ 9 మంది ప్యాకింగ్‌కి ఒకటో రెండో వేశారు. వాళ్లకూ కారింది, అయినా కొన్నారు. కారడం ఒక కారణం కావచ్చు, అదొక్కటే కారణమని ఈ లెక్క చెప్పదు.

అసలు సంగతి డబ్బా స్థితి ప్రశ్నలో బయటపడింది. ఒకసారి కొన్న 36 మందిలో 14 మంది "ఇంకా ఉంది" అన్నారు. 9 మంది వేరేవాళ్లకు పంపారు. పారేసినవాళ్లు లేరు. అయిపోయిందన్నవాళ్లు 13 మంది. అంటే మళ్లీ కొనే సందర్భమే 13 మందికి వచ్చింది! ఇద్దరే ఉండే ఇంట్లో కిలో ఆవకాయ నెలల తరబడి వస్తుంది. యజమాని చేజారిపోయారనుకున్నవాళ్లలో చాలామంది ఇంకా ఆ డబ్బాలోనే చెంచా పెడుతున్నారు. ఆ 13 మందిలో 8 మందికి తర్వాతి పచ్చడి ఇంట్లోనో బంధువుల దగ్గరినుంచో వచ్చింది. డబ్బు పెట్టి వేరేచోట కొన్నవాళ్లు అయిదుగురు.

రాసినవాళ్ల మాటలు, రాయనివాళ్ల మౌనం

చివరి ప్రశ్నకు 41 మంది ఏదో ఒకటి రాశారు. "నూనె కారి డబ్బా అంతా జిడ్డు." "రుచి ఓకే గానీ పార్శిల్ నలిగి వచ్చింది." "చిన్న ప్యాక్ ఉంటే బాగుండు, ఇద్దరమే ఉంటాం." "ఉప్పు తగ్గించండి, బీపీ." "మా అత్తగారు పెట్టినట్టు లేదు." ఇందులో నచ్చిన నాలుగు మాటలు ఏరి రిపోర్టులో అతికించడం మామూలుగా జరిగేదే. యజమానికి ఏది వినాలనుందో దాన్నే ఏరుతుంది మన కన్ను.

ఇంటర్న్ మొదట అన్నీ ఒకసారి ఊరికే చదివింది. రెండోసారి చదువుతూ పక్కన గుర్తులు వేసింది: కారడం, నలగడం, సైజు, ఉప్పూ కారం, ఆలస్యం, ఇతరం. ఒక్కో గుర్తుకు ఒక్క వాక్యంలో హద్దు రాసుకుంది. నూనె బయటికి వస్తే "కారడం", డబ్బా లేదా అట్టపెట్టె రూపం చెడితే "నలగడం", రెండూ ఉంటే రెండు గుర్తులూ. అందుకే గుర్తుల మొత్తం 41 దాటుతుంది, ఆ మాట పట్టిక కింద రాయాలి. తర్వాత తన గుర్తులు చూపించకుండా అవే జవాబులను ఆఫీసులో బిల్లులు రాసే కుర్రాడికి ఇచ్చి గుర్తులు వేయమంది. 41లో 35 చోట్ల ఇద్దరిదీ కలిసింది. కలవని ఆరింటిలో నాలుగు "లీక్ అయి పెట్టె తడిసి చిరిగింది" లాంటివి. హద్దు సరిగా లేదని అక్కడ తెలిసి, దాన్ని సరిచేసి మళ్లీ లెక్కపెట్టారు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అందులో కారమూ కారిందీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. షీటులో వెతుకు మీట నొక్కి లెక్కపెడితే మిరపకాయల ఫిర్యాదు మూతల ఫిర్యాదులో కలిసిపోతుంది.

జవాబివ్వనివాళ్ల సంగతి మిగిలింది. ఒకసారి కొన్నవాళ్లలో 64 మంది ఫారమ్ నింపనేలేదు. వాళ్లంతా కోపంతో ఉన్నారా, తీరిక లేకనా? తెలుసుకోవడానికి ఒకటే దారి, వాళ్లలో కొందరికి ఫోను చేయడం. జాబితాలోంచి గుడ్డిగా 15 నంబర్లు తీసి, యజమాని కాకుండా ఇంటర్నే చేసింది. యజమాని గొంతు వింటే మళ్లీ "బాగుందండీ" అనే వస్తుంది. తొమ్మిది మంది ఎత్తారు. ఒక్కటే అడిగింది, డబ్బా ఏమైందని. అయిదుగురి దగ్గర ఇంకా ఉంది. ఇద్దరికి కొన్న సంగతే గుర్తు లేదు. ఇద్దరు నూనె కారిన గొడవ చెప్పారు. తొమ్మిది మందితో ఏదీ రుజువు కాదు గానీ, మౌనంగా ఉన్నవాళ్లు పూర్తిగా వేరే కథ చెబుతారేమోనన్న భయం కొంత తగ్గింది.

యజమాని చేతికిచ్చే పేజీ

ఇంటర్న్ ఇచ్చింది ఒక్క పేజీ. పైన మొదటి వాక్యమే తేలిన సంగతి: "ఒకసారి కొని ఆగిపోయారనుకున్న 36 మందిలో 14 మంది దగ్గర డబ్బా ఇంకా ఉంది, 9 మంది ఇతరులకు పంపారు. అయిపోయినవాళ్లు 13 మంది." రెండో వాక్యం ప్యాకింగ్‌ది: "తక్కువ అంకె వేసిన 12 మందిలో 10 మంది కొరియర్ కస్టమర్లు." దాని కింద సగటు లేకుండా, ఒకటి నుంచి అయిదు దాకా ఎంతమంది వేశారో అయిదు గీతల బొమ్మ, రెండు గుంపులకూ విడివిడిగా. గుండ్రటి బొమ్మ ఒక్కటీ లేదు. ఈ ముక్క పెద్దదా ఆ ముక్క పెద్దదా అని కన్ను తడుముకునే బొమ్మ అది. గీతల పొడుగు పోల్చడం సులువు.

ఆ తర్వాత ఎంతమందికి పంపాం, ఎంతమంది ఇచ్చారు, ఎలా ఎంచాం, ఏ తేదీల్లో అడిగాం అన్నవి మూడు వరుసల్లో. కస్టమర్ల మాటలు రెండే పెట్టింది, రెండూ ఎక్కువగా వచ్చిన గుర్తుల్లోంచి తీసినవి. ఊరి పేర్లు తీసేసింది. పుణె నుంచి కొన్నది ముగ్గురే అయినప్పుడు ఊరు రాస్తే పేరు రాసినట్టే. చివర ఈ సర్వే చెప్పలేనివి రెండు రాసింది. ఎన్నడూ కొననివాళ్ల గురించి ఇందులో ఏమీ లేదు. కారడం ఆగితే అమ్మకం పెరుగుతుందా అన్నదీ తెలియదు.

యజమాని చదివి, "అయితే మన స్కోరెంత?" అన్నాడట. ఒక్క అంకె కావాలన్న ఆ కోరిక అంత తేలిగ్గా పోదు. "మేడమ్ అడిగింది స్కోరు కాదు కదా సార్, ఏం మార్చాలని" అంది ఇంటర్న్. 63 శాతం అన్నది పేజీ కింద ఉంది, పక్కన అటూ ఇటూ ఎంత ఊగుతుందో కూడా ఉంది.

నిర్ణయాలు రెండు జరిగాయి. కొరియర్‌లో వెళ్లే డబ్బాలకు మూత కింద రేకు అంటుకునే ఇండక్షన్ సీల్ వేయడం ఒకటి. ముందు ఒక నెలపాటు ఒక పార్శిల్‌కు సీలు వేసి, తర్వాతి పార్శిల్‌కు వేయకుండా పంపి, అందిన రోజే "నూనె కారిందా, లేదా?" అని ఒక్క ప్రశ్న అడుగుతారు. పార్శిళ్లు వరుస ప్రకారం మారుతున్నాయి కాబట్టి వచ్చే తేడా ఊరి వల్లనో కొరియర్ వల్లనో అనే సందేహం చాలావరకు పోతుంది. పావుకిలో డబ్బా తేవడం రెండోది. అది ఫలించిందో లేదో చూడటానికి మళ్లీ సర్వే అక్కర్లేదు. పావుకిలో కొన్న కొత్తవాళ్లలో 90 రోజుల్లో రెండో ఆర్డరు ఇచ్చినవాళ్లెందరు, కిలో కొన్న కొత్తవాళ్లలో ఎందరు అన్నది ఆర్డర్ల షీటులోనే ఉంటుంది. పావుకిలో త్వరగా అయిపోతుంది కాబట్టి వాళ్లు ఎలాగూ ముందే తిరిగొస్తారు. అందుకని ఆర్డర్ల సంఖ్యతో పాటు మనిషికి మొత్తం ఎన్ని కిలోలు కొన్నారో ఆ గడి కూడా చూడాలని ఇంటర్న్ షీటులో ఒక వరుస చేర్చి వెళ్లింది.